కాదన్న కాగితం మీద ఏం రాయాలి

"తమ దరఖాస్తు బ్యాంకు అంతర్గత నిబంధనలకు అనుగుణంగా లేనందున తిరస్కరించబడినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

ఈ ఒక్క వాక్యం ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని ఒకాయన మా బ్రాంచికి వచ్చారు. గుంటూరులో ఒక వాహనాల షోరూమ్‌లో డీజిల్ మెకానిక్. నలభై దాటిన మనిషి. ఇంటి మీద ఒక గది వేసుకుందామని రూ.5 లక్షల పర్సనల్ లోనుకు దరఖాస్తు పెట్టుకున్నారు. కాగితం విప్పి నా ముందు పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగారు.

"మేడమ్, అంతర్గత నిబంధనలంటే ఏంటండి? నేను ఎప్పుడూ ఒక్క వాయిదా కూడా ఆపలేదు. నాలో ఏం తప్పు కనిపించింది మీకు?"

ఆ కాగితం మా బ్యాంకుదే. దాని మీద సంతకం ప్రాసెసింగ్ సెంటర్ వాళ్లది. అప్పటికి నేను లోన్ల విభాగంలో పదేళ్లకు పైగా పనిచేశాను. అలాంటి కాగితాలు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్లాయో లెక్కలేదు. కానీ ఒక మనిషి దాన్ని నా ముందు పెట్టి "నాలో ఏం తప్పు" అని అడగడం అదే మొదటిసారి. ఆయన దాన్ని లోను గురించిన కాగితంగా చదవలేదు, తన గురించి ఇచ్చిన తీర్పుగా చదివారు. కారణం రాయని చోట మనిషి తనే ఒక కారణం ఊహించుకుంటాడు, అలా ఊహించుకునేది ఎప్పుడూ అసలుదానికంటే బరువైనదే అయి ఉంటుంది.

సిస్టమ్‌లో ఆయన ఫైలు తీశాను. కారణాలు రెండున్నాయి. రెండూ ఆయన అర్థం చేసుకోగలిగినవే, నేను రెండు నిమిషాల్లో చెప్పగలిగినవే. ఆ కాగితాన్నే తిరగేసి, వెనక వైపు పెన్నుతో లెక్క రాసి చూపించాను.

నెల జీతం రూ.32,000. ఇప్పటికే కడుతున్న ఈఎంఐలు రెండు, బండిది రూ.3,900, పాత పర్సనల్ లోనుది రూ.7,500. కలిపి రూ.11,400. కొత్తగా అడిగిన రూ.5 లక్షలకు 12 శాతం వడ్డీతో నాలుగేళ్ల గడువుకు నెలకు రూ.13,167 కట్టాలి. మొత్తం రూ.24,567. ఆ జీతానికి మా బ్యాంకు పెట్టుకున్న హద్దు సగం, అంటే అన్ని ఈఎంఐలూ కలిపి రూ.16,000 దాటకూడదు.

ఆయన కాసేపు ఆ అంకెల వైపు చూశారు. "అంటే ఇంటికి ఏడు వేల నాలుగొందలు మిగులుతాయి. నలుగురం ఉన్నాం. కష్టమేనండి" అన్నారు. అప్పుడు కూర్చున్నారు.

రెండో కారణం చెప్పడం కష్టమైంది. ఆయన క్రెడిట్ రిపోర్టులో ఆయన పేరు మీద ఉన్న అప్పులన్నీ శుభ్రంగా ఉన్నాయి. నిజంగానే ఒక్క వాయిదా ఆపలేదు. కానీ ఆయన హామీదారుగా ఉన్న మరో లోను ఒకటి ఉంది. దాంట్లో రూ.41,300 బాకీ, గడువు తీరి 90 రోజులు దాటింది. తోడల్లుడి లోనుకు ఎప్పుడో ష్యూరిటీ సంతకం పెట్టారట. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానమని మన కాంట్రాక్టు చట్టం 1872 నుంచీ చెబుతోంది. అందుకే ఆ లోను ఈయన రిపోర్టులోనూ కనిపిస్తుంది, బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కానీ ష్యూరిటీ పెట్టినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తమ రిపోర్టు అంటే తమ అప్పులే అనుకుంటారు.

ఆయన వెళ్లాక ఆ ముద్రించిన వాక్యం, వెనక నేను రాసిన లెక్క రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించాను. ముందు వైపు మర్యాదగా ఉంది, 'తమ' అంది, 'చింతిస్తున్నాము' అంది. వెనక వైపు మర్యాద మాట ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ అంకెలే. అయినా ఆ మనిషిని కూర్చోబెట్టింది వెనక వైపే. కాదన్న లేఖను మానవీయంగా రాయడం అంటే మెత్తగా రాయడం కాదని నాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత మా బ్యాంకులో ఆ లేఖల నమూనా మార్చే పని వచ్చినప్పుడు నేనడిగి మరీ అందులో చేరాను. అక్కడ జరిగిన వాదనలే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నిబంధన సంగతి. "ఆర్‌బీఐ రూల్స్ ఉన్నాయి కాబట్టే లేఖ అలా గట్టిగా ఉంటుంది" అని బ్యాంకుల్లో అందరూ నమ్ముతారు. నేనూ నమ్మాను. నిబంధన తీసి చదివితే వేరేలా ఉంది. అప్పులిచ్చేవాళ్లు పాటించాల్సిన ఫెయిర్ ప్రాక్టీసెస్ కోడ్‌ను ఆర్‌బీఐ 2003లో తెచ్చింది. లోను కాదంటే ప్రధాన కారణమేమిటో రాతపూర్వకంగా చెప్పాలన్న నియమం మొదట రూ.2 లక్షల లోపు చిన్న రుణాలకే ఉండేది. 2007 మార్చిలో దాన్ని అన్ని రకాల లోన్లకూ, క్రెడిట్ కార్డు దరఖాస్తులకూ వర్తింపజేసింది. అది కోరేది ఇంతే: బ్యాంకు అభిప్రాయంలో కాదనడానికి దారితీసిన ప్రధాన కారణం లేదా కారణాలు, రాసి ఇవ్వాలి. ఫలానా వాక్యమే వాడాలని ఎక్కడా లేదు. అంటే మా పాత లేఖ నిబంధన వల్ల అలా తయారైంది కాదు. సరిగ్గా చూస్తే అది నిబంధనను తీర్చనూ లేదు. 'అంతర్గత నిబంధనలకు అనుగుణంగా లేదు' అన్నది కారణం కాదు, కారణం ఉందని చెప్పడం మాత్రమే.

ఈ విషయంలో అమెరికా వాళ్లు ఒక మాట తేల్చి రాసుకున్నారు. డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు అక్కడికి వెళ్లిన కొత్తలో కారు లోనుకు దరఖాస్తు పెడితే కాదన్నారు. ఆ లేఖ ఫొటో నాకు పంపాడు. అందులో కారణాలు రెండు: క్రెడిట్ అనుభవం తక్కువ, తాత్కాలిక నివాసం. చదవడానికి పొడిగానే ఉంది. కానీ వాడికి తన పరిస్థితి అర్థమైంది. అక్కడ సమాన రుణావకాశాల చట్టం కింద ఉన్న రెగ్యులేషన్ బి, కారణం నిర్దిష్టంగా ఉండాలంటుంది. మా అంతర్గత పాలసీ ప్రకారం కాదన్నామనో, మా స్కోరింగ్‌లో తగినన్ని మార్కులు రాలేదనో రాస్తే అది చాలదని స్పష్టంగా చెబుతుంది. వివక్ష చూపకూడదన్న హెచ్చరిక వాక్యం మాత్రం అక్కడ దాదాపు చట్టంలో ఉన్నట్టే ఉండాలి, దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి రాయడానికి లేదు. మనకు అలాంటి అచ్చు వాక్యం లేదు. చెప్పాల్సిన విషయం ఉంది, చెప్పే తీరు మన చేతిలో ఉంది. ఆ స్వేచ్ఛను మనం ఇన్నేళ్లూ 'తిరస్కరించబడినది' అనడానికి వాడుకున్నాం.

ఆ '-బడినది' గురించి కొంచెం చెప్పాలి. తెలుగులో ఎవరూ ఇంట్లో అలా మాట్లాడరు. "అన్నం వండబడినది" అనం. ఆఫీసు తెలుగులోకి అది ఇంగ్లిష్ లేఖల అనువాదంతో వచ్చి పాతుకుపోయింది. అది చేసే పని ఒక్కటే, పని చేసినవాణ్ని కనిపించకుండా చేయడం. ఎవరు తిరస్కరించారు? తెలియదు, తిరస్కరించబడింది. అందుకే కౌంటర్లో కూర్చున్న కుర్రాడు కూడా "సిబిల్ రిజెక్ట్ చేసిందండి" అని చెప్పేసి తప్పుకుంటాడు. ఆ మాట అబద్ధం. సిబిల్ అయినా, మిగతా మూడు క్రెడిట్ సమాచార సంస్థలైనా ఎవరికీ లోను ఇవ్వవు, ఎవరినీ కాదనవు. రిపోర్టు ఇస్తాయి. చూసి నిర్ణయించేది బ్యాంకు. జనం ఈ మాట నమ్మి సిబిల్ వాళ్లకు ఫోన్లు చేస్తారు. "స్కోరు పెంచుతాం" అనే ఏజెంట్ల చేతిలో పడి డబ్బు పోగొట్టుకుంటారు. కాబట్టి కొత్త లేఖలో మొదటి మార్పు, "మేం ఇవ్వలేకపోతున్నాం" అని రాయడం. కర్త ఉండాలి. ఆ కర్త బ్యాంకే అయి ఉండాలి.

అయితే మెత్తదనం తెచ్చిన ప్రమాదం కూడా చూశాను. నమూనా మార్చే మొదటి విడతలో ప్రచార విభాగం వాళ్లు ఒక లేఖ రాసి తెచ్చారు. "మీ కలల ప్రయాణంలో మేం ఎప్పుడూ మీ తోడు. ప్రస్తుత పరిస్థితుల్లో మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం. త్వరలోనే మీకు మరింత మెరుగైన సేవ అందించాలని ఆశిస్తున్నాం." రాసినవాళ్ల మనసు మంచిదే. ఆ లేఖను మా ఆఫీసులో అటెండరుగా చేసే ఆయనకు, ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెకు, కొత్తగా చేరిన ఇద్దరు క్లర్కులకు ఇచ్చి చదవమన్నాను. చదివాక మూడే ప్రశ్నలు అడిగాను. లోను వచ్చిందా రాలేదా? ఎందుకు రాలేదు? ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు?

టీ కొట్టు ఆమె మొదటి ప్రశ్నకే "ఇంకా పెండింగ్‌లో ఉందన్నమాట, వచ్చే వారం అడగాలి" అంది. ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం అంటే ఇవాళ కుదరలేదు, రేపు కుదురుతుంది అని ఆమెకు వినిపించింది. ఆ లేఖే నిజంగా ఆమెకు వచ్చి ఉంటే, వారం తర్వాత కొట్టు మూసుకుని ఒక పూట బేరం పోగొట్టుకుని బ్రాంచికి వచ్చేది. ఈలోగా మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చినా ఇచ్చేది. మన మాట మెత్తగా ఉండాలనుకున్నందుకు ఖర్చు ఎదుటివాళ్లు భరించడం దయ కాదు. అందుకని మొదటి వాక్యంలోనే 'ఇవ్వలేకపోతున్నాం' రావాలి, తోడు మాటలు, కలల మాటలు ఏవీ ఉండకూడదు అని తేల్చుకున్నాం.

బ్యాంకు నిబంధనలు తప్పకుండా చూసే మా కంప్లయన్స్ పెద్దాయనతో వాదన ఎక్కువ రోజులు నడిచింది. ఆయన అడ్డుపడేవారని చెప్పడం న్యాయం కాదు. ఆయన అడిగినవన్నీ అడగాల్సినవే.

"కారణం వివరంగా రాశామంటే అది మన మీదకే వస్తుందమ్మా. సగం హద్దు అని రాశాం, రేపు ఆయన ఈఎంఐ తగ్గించుకుని వచ్చి ఇవ్వమంటాడు. అప్పటికి ఇంకో కారణం ఉంటే? మాటిచ్చి తప్పినట్టు కాదా?"

ఈ భయం నిజమైనదే. నేను కాగితం వెనక ఇంకో లెక్క కూడా రాశాను. హద్దు రూ.16,000, ఇప్పుడు కడుతున్నది రూ.11,400, మిగిలిన జాగా రూ.4,600. అదే వడ్డీకి, అదే గడువుకు ఆ ఈఎంఐతో వచ్చే లోను దాదాపు రూ.1,75,000. ఎదురుగా కూర్చుని చెప్పేటప్పుడు ఇది ఉపయోగపడే మాట. అచ్చు లేఖలో అదే మాట "రూ.1,75,000 ఇస్తాం" అని చదవబడుతుంది, ఆయనకు బాకీ ఉన్న హామీ సంగతి తేలనంత వరకు ఆ రూ.1,75,000 కూడా మేం ఇవ్వం. చివరికి ఒక గీత గీసుకున్నాం. కాదన్న లెక్క పూర్తిగా చూపిస్తాం, ఎందుకంటే అది జరిగిపోయిన నిర్ణయం. రాబోయే నిర్ణయం మీద అంకె వేయం. ఆ అంకె కావాలంటే బ్రాంచికి వచ్చి మాట్లాడమని, ఫలానా అధికారిని కలవమని రాస్తాం. నాకు ఇది పూర్తి తృప్తినివ్వలేదు. కానీ లేఖ వల్ల ఒక మనిషి లేని ఆశ పెట్టుకుంటే ఆ తప్పు పాత లేఖ తప్పు కంటే చిన్నదేం కాదు.

రెండో పేచీ 'ప్రధాన కారణం' అన్న మాట దగ్గర వచ్చింది. సిస్టమ్‌లో ఒక్కో దరఖాస్తుకు ఆరేడు గుర్తులు పడతాయి. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయింది, ఎన్నిసార్లు లోన్ల కోసం ఎంక్వైరీ జరిగింది, ఇలా. అన్నీ రాస్తే పారదర్శకత అనిపిస్తుంది, కానీ చదివే మనిషి దేన్ని సరిచేసుకోవాలో తెలియక మునిగిపోతాడు. అందుకే ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఈ ఒక్కటి లేకపోతే లోను ఇచ్చేవాళ్లమా? మెకానిక్ గారి విషయంలో బాకీ లేదనుకుందాం, అయినా ఈఎంఐ హద్దు దాటుతుంది, ఇవ్వం. ఈఎంఐ సరిపోయిందనుకుందాం, 90 రోజులు దాటిన బాకీ ఉంది, ఇవ్వం. అంటే రెండూ దేనికదే అడ్డు. రెండూ ప్రధాన కారణాలే. ఎంక్వైరీల సంఖ్య కొంచెం ఎక్కువగా ఉంది, కానీ దాని వల్ల మాత్రమే ఎవరినీ కాదనం. అది లేఖలోకి రాకూడదు. వస్తే ఆయన దాని గురించి దిగులుపడి అసలు రెండూ వదిలేస్తారు.

ఇన్ని మాటలు అనుకున్నాక తేలిందేమిటంటే, అసలు రోగం లేఖలో లేదు. అంతకంటే ముందే, ప్రాసెసింగ్ సెంటర్‌లో అధికారి కారణం ఎంచుకునే డ్రాప్‌డౌన్‌లో ఉంది. అందులో మొదటి వరసలోనే 'పాలసీ నార్మ్స్' ఉండేది, చివర 'ఇతరములు'. రోజుకు పదుల ఫైళ్లు చూసే అధికారి మొదటిదే నొక్కేవాడు. లేఖ దాన్నే తీసుకుని అచ్చేసేది. అంత పని ఒత్తిడిలో ఆ అధికారిని తప్పుపట్టలేను. కానీ కారణం అక్కడ నమోదు కాకపోతే లేఖను ఎంత అందంగా తిరగరాసినా లోపల ఖాళీయే. ఆ రెండు ఎంపికలనూ తీసేయించడానికి లేఖ రాయడం కంటే ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు రిపోర్టులో బాకీ అని నొక్కితే ఏ లోను, ఎంత, ఎన్ని రోజులు, సొంతమా హామీయా అన్న గడులు నింపితేనే ఫైలు ముందుకెళ్తుంది. ఎక్కడైనా ఇలాంటి లేఖలు బాగున్నాయో లేదో తెలుసుకోవాలంటే పది వేరువేరు మనుషులకు వెళ్లిన లేఖలు తీసి పేర్లు మూసి చూడండి. ఏది ఎవరిదో చెప్పలేకపోతే ఆ బ్యాంకు ఇంకా కారణం చెప్పడం లేదన్నమాట.

చివరికి ఒప్పుకున్న నమూనాను మెకానిక్ గారి కేసుతో నింపితే ఇలా ఉంటుంది.

"గారికి నమస్కారం.

మీరు అడిగిన రూ.5,00,000 పర్సనల్ లోను మేం ఇవ్వలేకపోతున్నాం. ఈ నిర్ణయం మా బ్యాంకుది. దీనికి రెండు ప్రధాన కారణాలున్నాయి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ లోను ఇవ్వలేం.

మొదటిది. మీరు హామీదారుగా ఉన్న ఒక లోనులో రూ.41,300 బాకీ ఉందని, గడువు తీరి 90 రోజులు దాటిందని మీ క్రెడిట్ రిపోర్టు చూపిస్తోంది. మీరు సొంతంగా తీసుకున్న లోన్లలో బాకీ ఏదీ లేదు. హామీ ఇచ్చినవారికి కూడా ఆ బాకీ బాధ్యత ఉంటుంది కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకున్నాం. ఆ రిపోర్టు కాపీ ఈ లేఖతో ఉంది. అది ఇచ్చిన సంస్థ పేరు, చిరునామా కింద ఉన్నాయి. ఆ సంస్థ మీ లోను గురించి ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

రెండోది. మీ నెల జీతం రూ.32,000. ఇప్పుడు కడుతున్న ఈఎంఐలు రూ.11,400. ఈ లోను ఈఎంఐ రూ.13,167 అవుతుంది. రెండూ కలిపితే రూ.24,567. మీ జీతానికి మా హద్దు రూ.16,000.

రిపోర్టులో ఉన్నది తప్పు అనిపిస్తే, సరిచేయమని ఆ సంస్థనుగానీ, ఆ లోను ఇచ్చినవారినిగానీ అడగవచ్చు. దీనికి మీరేమీ కట్టనక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం రావాలి.

ఈ లేఖ గురించి మాట్లాడాలంటే మా బ్రాంచిలో కింద పేరున్న అధికారిని కలవండి. మేం చెప్పింది సరిగా లేదనిపిస్తే మా ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు ఫోన్ 14448. లోను ఇవ్వాలా వద్దా అన్న బ్యాంకు నిర్ణయాన్ని అంబుడ్స్‌మన్ మార్చరు. కారణం చెప్పకపోవడం, సేవలో లోపం లాంటివి వింటారు."

ఈ లేఖలో నిబంధన కోసం పెట్టాల్సినవన్నీ ఉన్నాయి. పాత లేఖలో అవి వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో ఉండేవి. అక్కడ అవి మా రక్షణ కోసం ఉన్నాయి. నిజానికి మొత్తం లేఖలో చదివే మనిషికి పనికొచ్చేవి అవే. తన రిపోర్టు కాపీ అడిగే హక్కు 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం ఇచ్చింది. రోజుకు రూ.100 పరిహారం 2023 అక్టోబరులో ఆర్‌బీఐ ప్రకటించి, 2024 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. ఇంతకంటే మనిషి పక్షాన నిలిచే వాక్యాలు ఏ రచయితా రాసివ్వలేడు. వాటిని మామూలు సైజు అక్షరాల్లో, తెలుగులో, సంబంధించిన కారణం పక్కనే పెట్టడమే మేం చేసిన పని. అంబుడ్స్‌మన్ ఏం చేయరో కూడా రాయాలని పట్టుబట్టింది మా కంప్లయన్స్ పెద్దాయనే. ఆయన అన్నది నిజం, అది రాయకపోతే జనాన్ని దొరకని న్యాయం కోసం తిప్పినట్టవుతుంది.

"మీరు సొంతంగా తీసుకున్న లోన్లలో బాకీ ఏదీ లేదు" అన్న వాక్యం ఏ నిబంధనా అడగలేదు. దాన్ని ఉంచాలని నేను మొండిగా కూర్చున్నాను. కాదన్న కాగితం మీద నిజమైన మంచి మాట ఒకటి ఉంటే, అది పొగడ్త కాకుండా వాస్తవమే అయితే, దాన్ని దాచడానికి బ్యాంకుకు కారణం లేదు. "నేను ఒక్క వాయిదా కూడా ఆపలేదు" అని ఆయన నా టేబుల్ దగ్గర నిలబడి చెప్పింది నిజమే కదా.

రాయకుండా వదిలేసిన మాటలూ ఉన్నాయి. "ఆర్థిక క్రమశిక్షణ పాటించండి" అనలేదు. బాకీ కట్టేయమని సలహా కూడా ఇవ్వలేదు. అది ఇంకొకరి అప్పు, ఆయన కట్టాలా, తోడల్లుడి చేత కట్టించాలా అన్నది మేం చెప్పేది కాదు. పైగా తొందరలో అవతలివాళ్లతో ఎంతోకొంతకు సెటిల్‌మెంట్ చేసుకుంటే రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది, పూర్తిగా కట్టినట్టు పడదు, తర్వాతి లోనుకు అదే అడ్డొస్తుంది. ఇలాంటివి కౌంటర్లో ఎదురుగా కూర్చుని చెప్పాల్సినవి.

ఎస్సెమ్మెస్ విషయంలోనూ పట్టుబట్టాల్సి వచ్చింది. ఫోన్ ఇంట్లో పిల్లల చేతిలో ఉంటుంది, భార్య చేతిలో ఉంటుంది, షాపులో టేబుల్ మీద ఉంటుంది. 'ఓవర్‌డ్యూ' అన్న మాట తెర మీద మెరిస్తే పరువు పోయిందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. లోను ఇవ్వలేకపోతున్నామని, కారణాలతో లేఖ పంపామని మాత్రమే ఇప్పుడు ఎస్సెమ్మెస్‌లో ఉంటుంది. రాలేదన్న సంగతి వెంటనే తెలియాలి, ఎందుకన్నది ఆయన ఒక్కరే చదవాలి.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు ఉన్నాయి. ఇచ్చిన పత్రం నకిలీదేమోనన్న అనుమానంతో ఆపిన ఫైలులో అంతా విప్పి చెప్పలేం. అక్కడ "మీరిచ్చిన జీతం స్లిప్పును మేం ధ్రువీకరించుకోలేకపోయాం" వరకే రాయగలం. దొంగ అని అనకూడదు, ఏ పత్రమో చెప్పకుండా ఉండకూడదు. ఇక అసలు అప్పే తీసుకోనివాళ్లకు స్కోరు ఉండదు. తొలిసారి వచ్చినవాళ్లను క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనవద్దని ఆర్‌బీఐ 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది. అలాంటి లేఖ రాయాల్సి వస్తే మాట మార్చడం కాదు, ఫైలును వెనక్కి పంపి నిర్ణయమే మళ్లీ చూడాలి. కారణాన్ని మామూలు తెలుగులో రాయబోతే నిర్ణయంలో ఉన్న తప్పు బయటపడటం ఈ పనిలో నేను చాలాసార్లు చూశాను. 'నిబంధనలకు అనుగుణంగా లేదు' అన్నంత కాలం అది ఎవరికీ కనపడదు.

మెకానిక్ గారు కొన్ని నెలల తర్వాత ఏటీఎమ్ దగ్గర కనిపించారు. బాకీ సంగతి బయటపడ్డాక ఇంట్లో పెద్ద గొడవైందట. తోడల్లుడు అన్నీ కట్టేస్తున్నానని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాడట. "ఆ రోజు మీరు రాసి ఇవ్వకపోతే బాగుండేదేమో అని ఒకటి రెండుసార్లు అనిపించిందండి" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. కారణం తెలియడం వల్ల ఆయన ఇంట్లో ఒక బంధం చెడింది, అది నిజం. తెలియకపోతే ఆ బాకీ పెరుగుతూ ఆయన మెడకే చుట్టుకునేది, అదీ నిజం.

కొత్త లేఖ నమూనా నా ఫోన్‌లో ఉంటే, అందులో ఆయన సంగతులు లేని కాపీ చూపించి ఎలా ఉందో చెప్పమన్నాను. నిదానంగా, పెదవులు కదుపుతూ మొత్తం చదివారు.

"బాగుందండి. కానీ ఆ ష్యూరిటీ లోను ఎప్పటిదో రాయలేదు. నాకు బాకీ కంటే ముందు ఆ సంతకం ఎప్పుడు పెట్టానో గుర్తు రాలేదు. అది తెలుసుకోవడానికే రెండు రోజులు పట్టింది."

ఆ తేదీ రిపోర్టులోనే ఉంటుంది. మాలో ఎవరూ దాన్ని లేఖలోకి తేవాలని అనుకోలేదు. సోమవారం వెళ్లి మొదటి కారణం కింద ఇంకో గడి పెట్టించాను: "ఆ లోను ఇచ్చిన తేదీ."